నీడ చెప్పే నెల: తేదీ లేని వీడియో ఎప్పటిదో పట్టుకోవడం ఇలా

ఏప్రిల్ చివరి వారం అనుకోండి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. నలభై సెకన్లు. కోల్డ్ స్టోరేజీ గేటు ముందు మిర్చి లారీలు బారులు తీరి ఉన్నాయి. హమాలీలు నీడ కోసం లారీల పక్కన నిలబడ్డారు. కింద మెసేజ్: "ఈరోజు మధ్యాహ్నం గుంటూరులో పరిస్థితి ఇదీ. ఏసీలన్నీ ఫుల్. సరుకున్నవాళ్లు వచ్చిన రేటుకి అమ్మేసుకోండి."

మీ ఇంట్లో 80 టిక్కీల కాయ ఉంది. మంచి రేటు వచ్చేదాకా ఏసీలో పెడదామని నాన్న ఆగాడు. వీడియో చూశాక మాత్రం ఆయనకి నిద్ర పట్టట్లేదు. "రేపే ఎత్తించేద్దాంరా, ఎంతొస్తే అంత" అంటున్నాడు. టిక్కీకి 45 కిలోల లెక్కన 80 టిక్కీలంటే 36 క్వింటాళ్లు. తొందరపడి క్వింటాకి వెయ్యి తక్కువకి అమ్మితే 36 వేలు పోయినట్టే.

ఇంతకీ ఆ వీడియో నిజంగా ఇవాళ్టిదేనా? ఫార్వర్డ్ అవుతూ వచ్చిన వీడియోలో తీసిన తేదీ ఉండదు. ఫైల్ వివరాల్లో కనిపించేది మీ ఫోన్లోకి దిగిన తేదీ. ఎవరు తీశారో తెలీదు, అడిగే వీలూ లేదు. అయితే ఆ ఫ్రేములో ఒక కరెంటు స్తంభం ఉంది, దాని నీడ రోడ్డు మీద పడింది. మనకి అది చాలు.

ఈ లారీల వీడియో నేను కల్పించిన ఉదాహరణే. కింద వచ్చే నీడల లెక్కలు మాత్రం గుంటూరు ఆకాశంలో సూర్యుడు నిజంగా నడిచే దారిని బట్టి వేసినవి.

పొడవు ఒక్కటే చాలదు

నీడ రెండు సంగతులు చెబుతుంది. పొడవుని బట్టి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో తెలుస్తుంది. అది పడిన దిక్కుని బట్టి సూర్యుడు ఏ వైపు ఉన్నాడో తెలుస్తుంది. మనలో చాలామంది పొడవు మాత్రమే చూసి "పొట్టి నీడ, కాబట్టి మధ్యాహ్నం" అనేసి ఆగిపోతాం. అసలు గుట్టు దిక్కులో ఉంది.

ఎలాగో చూడండి. మీటరు కర్ర ఒకటి గుంటూరులో నిలువుగా పాతారు. మధ్యాహ్నం దాటాక దాని నీడ సరిగ్గా 85 సెంటీమీటర్లు ఉన్న క్షణం కోసం కాచుకుని కూర్చున్నారు. అలాంటి క్షణం ఏడాదిలో ప్రతి ఎండ రోజూ వస్తుంది. కానీ ఆ నీడ పడే దిక్కు నెలని బట్టి మారిపోతుంది.

- డిసెంబరు 21న ఆ క్షణం సుమారు 12:35కి వస్తుంది. నీడ దాదాపు ఉత్తరానికి పడుతుంది.
- ఫిబ్రవరి 20న సుమారు 2:20కి వస్తుంది. నీడ ఈశాన్యానికి పడుతుంది.
- ఏప్రిల్ 26న సుమారు 2:55కి వస్తుంది. నీడ సూటిగా తూర్పుకి పడుతుంది.
- జూన్ 21న సుమారు 3 గంటలకి వస్తుంది. నీడ తూర్పు దాటి కాస్త దక్షిణానికి వాలుతుంది.

నీడ పొడవు నాలుగు రోజులూ ఒకటే. దిక్కు మాత్రం గడియారం ముల్లులా ఉత్తరం నుంచి తూర్పు మీదుగా తిరిగింది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు, ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి పొడవు, దిక్కు రెండూ దొరికితే నెల, టైము రెండూ దొరుకుతాయి. ఒక్కటే దొరికితే సగం సమాధానమే చేతికొస్తుంది.

వీడియోలోంచి కొలత తీయడం

ముందు చోటు తెలియాలి. మన వీడియోలో కోల్డ్ స్టోరేజీ బోర్డు కనిపిస్తోంది. మ్యాప్‌లో ఆ పేరు వెతికి శాటిలైట్ బొమ్మ తెరిస్తే గేటు, రోడ్డు, షెడ్డు కప్పు అన్నీ కనిపిస్తాయి. ఊరు కచ్చితంగా తెలియకపోయినా మరీ కంగారు పడక్కర్లేదు. గుంటూరు బదులు ఒంగోలు అనుకుని లెక్కేసినా సూర్యుడి నడినెత్తి టైము రెండు నిమిషాల లోపే మారుతుంది. దిక్కులు మాత్రం తెలిసి తీరాలి, అందుకే మ్యాప్‌లో ఆ రోడ్డుని గుర్తించడం ముఖ్యం.

తర్వాత సరైన ఫ్రేము దగ్గర వీడియోని ఆపాలి. మనకి కావాల్సింది నిటారుగా ఉన్న వస్తువు. దాని మొదలు, తల, నీడ చివర మూడూ ఒకే ఫ్రేములో కనపడాలి. నేల చదునుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నీడ కెమెరాకి అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో పడి ఉండాలి. నీడ మన వైపుకో, మనకి దూరంగానో పడితే అది స్క్రీన్ మీద నలిగిపోయి కనిపిస్తుంది, పొడవు నమ్మలేం.

మన వీడియో తీసినవాడు వాయవ్యం వైపు తిరిగి ఉన్నాడు, స్తంభం నీడ కుడివైపుకి అడ్డంగా పడింది. అదృష్టం. స్క్రీన్‌షాట్ తీసి స్కేలు పెట్టి కొలవండి. స్తంభం 40 మిల్లీమీటర్లు, నీడ 34 వచ్చాయి. 34ని 40తో భాగిస్తే 0.85. స్తంభం అసలు ఎత్తెంతో మనకి అక్కర్లేదు, ఈ నిష్పత్తి చాలు.

ఇక దిక్కు. నీడ గీతని ఊహలో అలాగే ముందుకి పొడిగించండి. అది గేటు స్తంభాన్ని తాకింది అనుకుందాం. శాటిలైట్ బొమ్మలో కరెంటు స్తంభం ఉన్న చోటినీ, ఆ గేటునీ కలుపుతూ గీత గీయండి. గూగుల్ ఎర్త్‌లో దూరం కొలిచే స్కేలు ఆ గీత దిశని డిగ్రీల్లో చూపిస్తుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90. మనకి వచ్చింది దాదాపు 49. అంటే ఈశాన్యం.

బోర్డు లేని వీడియో అయితే? ఇళ్ల మీద డిష్ యాంటెన్నాలు చూడండి. మన ప్రాంతంలో అవి దక్షిణానికో ఆగ్నేయానికో తిరిగి ఉంటాయి, ఉత్తరానికి తిరిగినది దొరకదు. నెలని తేల్చడానికి ఇది సరిపోదు గానీ, నీడ తూర్పు వైపుందా పడమర వైపుందా, అంటే అది మధ్యాహ్నమా పొద్దునా అని చెప్పడానికి పనికొస్తుంది.

ఇక స్లైడర్ జరపడమే

బ్రౌజర్‌లో suncalc.org తెరవండి. మ్యాప్‌లో ఆ గేటు దగ్గర పిన్ను పెట్టండి. వస్తువు ఎత్తు 1 మీటరు అని ఇవ్వండి. తేదీనీ టైమునీ మార్చుతూ పోతే ఆ క్షణానికి నీడ ఎంత, సూర్యుడు ఏ దిశలో అన్నది అది చెప్పేస్తుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. అది డిగ్రీల్లో చూపించేది సూర్యుడి దిశ, నీడ దిశ కాదు. నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా పడుతుంది. మన నీడ 49 అయితే సూర్యుడు 229 దగ్గర ఉండాలి. 180 కలిపామంతే.

ముందు మెసేజ్ చెప్పిన తేదీనే పరీక్షిద్దాం. ఏప్రిల్ 26 పెట్టండి. మిట్టమధ్యాహ్నం 12 దాటాక చూస్తే సూర్యుడు దాదాపు నెత్తిమీదే, స్తంభం నీడ దాని మొదట్లోనే ముడుచుకుపోతుంది. నీడ 0.85కి సాగాలంటే 2:55 దాకా ఆగాలి, అప్పుడది సూటిగా తూర్పుకి ఉంటుంది. పొద్దున పూట అదే పొడవు వస్తే పడమరకి ఉంటుంది. ఆ రోజంతా ఏ టైము పెట్టి చూసినా 0.85 పొడవు నీడ ఈశాన్యానికి పడదు. మన కొలతకీ ఏప్రిల్ 26కీ మధ్య తేడా 40 డిగ్రీల పైనే. చేతి కొలతలో ఐదు డిగ్రీలు తప్పొచ్చు, పది తప్పొచ్చు, 40 తప్పదు.

అంటే "ఈరోజు మధ్యాహ్నం" అన్నది అబద్ధం. ఇప్పుడు తేదీని వెనక్కి జరుపుకుంటూ వెళితే, పొడవూ దిక్కూ రెండూ కలిసి కూర్చునేది ఫిబ్రవరి 20 ప్రాంతంలో, మధ్యాహ్నం 2:20కి.

ఒక్క రోజుని పట్టేశామని మాత్రం అనుకోవద్దు. దిక్కులో ఐదు డిగ్రీల పొరపాటు తేదీని సుమారు వారం అటూఇటూ జరుపుతుంది. పొడవులో పదో వంతు పొరపాటు ఇంకో ఐదు రోజులు కదుపుతుంది. కాబట్టి నిజాయితీగా చెప్పగలిగేది: ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం లోపు.

నీడకి కవల ఉంది

ఇక్కడే అసలు చిక్కు. సూర్యుడు డిసెంబరు చివర్లో దక్షిణపు కొసని తాకి వెనక్కి తిరుగుతాడు. ఫిబ్రవరిలో ఉత్తరానికి వెళుతూ ఏ దారిలో నడిచాడో, అక్టోబరులో దక్షిణానికి దిగుతూ మళ్లీ అదే దారిలో నడుస్తాడు. అందుకే ఫిబ్రవరి 20 నీడకీ అక్టోబరు 22 నీడకీ పొడవులో, దిక్కులో తేడా ఉండదు. ఏడాదిలో జూన్ 21, డిసెంబరు 21 తప్ప ప్రతి తేదీకీ ఇలాంటి కవల ఉంటుంది. నీడ ఎప్పుడూ రెండు నెలల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. అందులో ఏదో తేల్చేది నేల.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో పెరిగినవాళ్లకి ఇది చిటికెలో పని. మన వీడియోలో పదో సెకను దగ్గర కెమెరా ఒకసారి రోడ్డు అవతలికి తిరిగింది. అక్కడ కల్లంలో ఎర్రటి కాయ పరిచి ఉంది. అక్టోబరులో మన దగ్గర మిరప ఎలా ఉంటుంది? ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన మొక్క అప్పటికి పచ్చగా, పూత మీద ఉంటుంది. కోతలు ఊపందుకుని, కాయ కల్లాలకెక్కి, ఏసీల ముందు లారీలు నిలబడేది సంక్రాంతి దాటాక. అక్టోబరు కొట్టేయండి. ఫిబ్రవరి ఖాయం.

పత్తి చేను కనిపించినా ఇదే పని చేస్తుంది. అక్టోబరు చివర, నవంబరులో చేనంతా తెల్లగా పగిలి, దూది తీతలు నడుస్తుంటాయి. ఫిబ్రవరి వెళ్లేసరికి చాలా చేలల్లో ఎండిపోయిన కట్టె మిగులుతుంది. నీడ "ఫిబ్రవరో అక్టోబరో" అంటే, చేను "ఇదిగో ఇది" అంటుంది.

చేను కనపడకపోయినా ఇంకో దారి ఉంది. వీడియోలో గోడ గడియారమో, ఎవరి ఫోన్ తెర మీదో టైము కనిపిస్తోందా చూడండి. సూర్యుడు నడినెత్తికి రావడం మనం అనుకున్నట్టు రోజూ 12కే జరగదు. మన గడియారాలు నడిచేది కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖని బట్టి. గుంటూరు దానికి పడమరన ఉంది కాబట్టి మనకి సగటున ఎనిమిది నిమిషాలు ఆలస్యం. దానికి తోడు భూమి ఏడాది పొడవునా ఒకే వేగంతో తిరగదు, అక్షం వాలి కూడా ఉంది. ఇవన్నీ కలిసి గుంటూరు నడినెత్తి టైము నవంబరు మొదట్లో 11:52కి, ఫిబ్రవరి రెండో వారంలో 12:22కి జరుగుతుంది. అందుకే మన 0.85 ఈశాన్యపు నీడ ఫిబ్రవరిలో 2:20కి పడితే, దాని అక్టోబరు కవల 1:53కే పడుతుంది. గడియారం రెండుంపావు దాటినట్టు చూపిస్తే అది ఫిబ్రవరి. రెండు కాకముందే అయితే అక్టోబరు.

ఎక్కడ బోల్తా పడతామంటే

అన్నిటికంటే ప్రమాదం, అద్దంలో తిప్పిన వీడియో. సెల్ఫీ కెమెరాతో తీసినా, ఎవరైనా కావాలని తిప్పినా, కుడి ఎడమలు తారుమారై తూర్పు నీడ పడమరకి పోతుంది. లారీ నంబరు ప్లేటు, షాపు బోర్డు చదవండి. అక్షరాలు తిరగబడితే వీడియోని మళ్లీ తిప్పి మొదలుపెట్టండి.

రెండోది "మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది" అన్న నమ్మకం. ఢిల్లీలో అది ఏడాదంతా నిజం, మన దగ్గర కాదు. గుంటూరులో మే మొదటి వారంలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. ఆగస్టు 7, 8 ప్రాంతంలో మళ్లీ అంతే. ఆ రెంటి మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఈ సంగతి తెలియక ఉత్తరాన్ని తలకిందులు చేసుకుంటే మొత్తం లెక్క పోతుంది. తెలిస్తే మాత్రం ఇదే పెద్ద ఆధారం. మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి ఉందంటే ఆ వీడియో మే, జూన్, జులై, ఆగస్టు మొదటి వారం తప్ప ఇంకెప్పటిదీ కాదు.

మూడోది వెలుతురు రంగు. బంగారు రంగు ఎండ చూడగానే "సాయంత్రం" అనేస్తాం. పొద్దున ఎండ కూడా అలాగే ఉంటుంది. పైగా ఫోన్ కెమెరా రంగుల్ని తనంతట తనే సర్దుతుంది, మీద ఫిల్టర్లు కూడా ఉండొచ్చు. రంగు సూర్యుడు కిందికి ఉన్నాడని చెప్పగలదు, అంతే. పొద్దునా సాయంత్రమా అన్నది దిక్కే చెప్పాలి.

ఇక అసలు నీడే లేకపోతే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున మబ్బు కింద తీసిన తడిసిన కల్లాల వీడియోలో కొలవడానికి ఏమీ ఉండదు. వాన వీడియోకి నీడ లెక్క చెప్పేవాళ్లని నమ్మకండి.

మరి ఏ సంవత్సరం?

నీడ ఎన్నటికీ చెప్పలేనిది ఇదే. ఏ ఏడాది ఫిబ్రవరి 20 అయినా సూర్యుడి దారి ఒకటే. సంవత్సరం కోసం ఫ్రేములోని వస్తువుల్ని అడగాలి. లారీ నంబరు ఏపీ 39 అయితే వీడియో 2019కి ముందుది కాదు, ఆ కోడ్ మొదలైంది అప్పుడే. బోర్డు మీద "పల్నాడు జిల్లా" అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాతది, ఆ జిల్లా పుట్టింది అప్పుడే. గూగుల్ ఎర్త్‌లో పాత శాటిలైట్ బొమ్మలు తిరగేస్తే వీడియోలో ఉన్న షెడ్డు ఏ ఏడాది నుంచి కనిపిస్తోందో తెలుస్తుంది.

ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక కేసులోనూ ఇలాగే చేశారు. 2018 జులైలో ఆఫ్రికాలో ఒక వీడియో బయటికొచ్చింది. సైనికులు ఇద్దరు ఆడవాళ్లనీ ఇద్దరు పిల్లల్నీ కాల్చి చంపడం అందులో ఉంది. అది తమ దేశంలోది కాదు, ఫేక్ అని కామెరూన్ ప్రభుత్వం మొదట కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వెనకున్న కొండల అంచుని బట్టి చోటు పట్టుకుంది. శాటిలైట్ బొమ్మల్లో ఇళ్లు ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మాయమయ్యాయో చూసి ఏడాదిని కుదించింది. ఎండాకాలంలోనే కనిపించే కాలిబాట రుతువుని చెప్పింది. చివరికి నడుస్తున్న సైనికుల నీడల్ని కొలిచి 2015 మార్చి 20కి, ఏప్రిల్ 5కి మధ్య అని తేల్చారు. అక్కడ కూడా నీడ ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. నేల, కట్టడాలు దానికి తోడొచ్చాయి. అంత చేశాక కూడా వాళ్లు ఒక్క తేదీ చెప్పకుండా రెండు తేదీల మధ్య గడువు చెప్పి ఆగారు.

మన గ్రూపులోనూ అంతే చెబుదాం. "ఇది ఫేక్" అని అరవక్కర్లేదు. లారీలు నిజమే, బారు నిజమే. రాయాల్సింది ఇది: "ఈ వీడియో ఇవాళ్టిది కాదు. నీడని బట్టి, కల్లంలో కాయని బట్టి ఫిబ్రవరి రెండో వారానికీ మార్చి మొదటి వారానికీ మధ్య, మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో తీసింది. ఈ ఏడాదిదో పోయిన ఏడాదిదో చెప్పలేం." కింద మీ స్క్రీన్‌షాట్, దాని మీద గీసిన గీత పెట్టండి. కావాలంటే ఎవరైనా మళ్లీ కొలుచుకుంటారు.

ఏసీల్లో ఇవాళ ఖాళీ ఉందో లేదో మాత్రం ఆ వీడియో చెప్పలేదు, మన నీడ లెక్కా చెప్పలేదు. దానికి పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి ఒక ఫోన్ కొట్టాలి. నాన్నకి చెప్పాల్సిన మాట కూడా అదే: "ఫోన్ చేసి కనుక్కుందాం నాన్నా, అప్పుడు చూద్దాం. ఈ లారీలు ఎప్పుడో వెళ్లిపోయాయి."